అప్‌వర్క్ క్లయింటుతో నేరుగా ఒప్పందం ఎప్పుడు?

అప్‌వర్క్‌లో దొరికిన పాత క్లయింటు "ఇకపై డబ్బు నేరుగా పంపిస్తాను, కమీషన్ మిగులుతుంది" అంటే తొందరపడకండి. అక్కడ పరిచయమైన నాటినుంచి 24 నెలలపాటు చెల్లింపులన్నీ ఆ వేదిక మీదే జరగాలన్నది నియమం. లెక్క మొదలయ్యేది పరిచయంతో, చివరి కాంట్రాక్టుతో కాదు. 2023 మార్చిలో కలిసినవారైతే 2025 మార్చి దాటాక మీ ఇష్టం. ముందే కావాలంటే కన్వర్షన్ ఫీజు కట్టాలి. చిన్న పనులకు అది గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. గుట్టుగా బ్యాంకు వివరాలు పంపితే ఖాతాయే పోవచ్చు.

గడువు తీరాక, నడుస్తున్న కాంట్రాక్టును అక్కడే ముగించి, కొత్త పనికి కొత్త ఒప్పందం రాసుకోండి. ఎస్క్రో రక్షణ ఇక ఉండదు. అందుకే మూడోవంతు అడ్వాన్సు, బిల్లు గడువు, కరెన్సీ అందులోనే తేల్చుకోవాలి.