డబ్బా మార్చారు సరే... కోణం కుదిరిందా?

ఫొటో ఎడిటర్ ఉద్యోగానికి టెస్టు రాయడానికి వెళ్లారనుకోండి. రెండు ఫొటోలు ఇస్తారు. ఒకటి సూపర్‌మార్కెట్ ర్యాక్‌ది. అందులో పాత టీ పొడి డబ్బా ఉంది. రెండోది కొత్త డబ్బాను బల్లమీద పెట్టి ఎదురుగా తీసింది. పాతదాన్ని తీసేసి, కొత్తది మొదట్నుంచీ ఆ అరలోనే ఉన్నట్టు చూపించాలి. కొత్త ప్యాకింగ్ మార్కెట్లోకి రాకముందే అది షాపులో ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి కంపెనీలు ఇలాంటి బొమ్మలు చేయించుకుంటాయి.

చాలామంది చేసే మొదటి పని డబ్బాను నీట్‌గా కట్ చేయడం. కటింగ్ బాగానే వస్తుంది. పెట్టాక మాత్రం డబ్బా గాల్లో తేలుతున్నట్టో, అట్టముక్క అతికించినట్టో ఉంటుంది. రంగులు, నీడలు ఎంత సరిచేసినా ఆ తేడా పోదు. ఎందుకంటే లోపం కటింగ్‌లో లేదు, కెమెరా ఎత్తులో ఉంది. కాబట్టి కత్తెర పట్టే ముందు ర్యాక్ ఫొటో తీసినప్పుడు కెమెరా ఏ ఎత్తులో ఉందో కనుక్కోవాలి.

ఇది కష్టమేం కాదు. కెమెరాను కొంచెం పక్కకు తిప్పి తీసిన ఫొటో అయితే అరల అంచులు ఒకదానికొకటి దగ్గరవుతూ కనిపిస్తాయి. కొత్త లేయర్ తీసుకుని పై అర అంచు మీద ఒక గీత, కింది అర అంచు మీద ఒక గీత గీసి ముందుకు పొడిగించండి. అవి ఎక్కడో, చాలాసార్లు ఫొటో బయట, కలుస్తాయి. అందుకే కాన్వాస్‌ను ముందే వెడల్పు చేసుకోవాలి. ఆ కలిసే చోటే వానిషింగ్ పాయింట్. దాని గుండా అడ్డంగా ఒక గీత గీస్తే అదే కెమెరా కంటి మట్టం. ఇంకో గుర్తు కూడా ఉంది. కెమెరా ఒరిగిపోకుండా తీసిన ఫొటోలో, కెమెరా ఎత్తులో ఉన్న అర అంచు ఒక్కటే వాలకుండా అడ్డంగా ఉంటుంది. దానికి కింద ఉన్న వస్తువుల పైభాగం మనకు కనిపిస్తుంది, పైన ఉన్న అరలకు అడుగుభాగం కనిపిస్తుంది.

ఇప్పుడు మన టెస్టుకు వద్దాం. ఫొటో ర్యాక్ ఎడమ చివర నిలబడి, కెమెరాను కుడివైపు తిప్పి తీశారు. పాత డబ్బా కంటి మట్టానికి కింద ఉన్న అరలో ఉంది. దాని ఎత్తు 18 సెం.మీ., కొత్తది 21 సెం.మీ. వెడల్పు రెండింటికీ ఒకటే. ఫొటోలో పాత డబ్బా ఎడమ నిలువు అంచు 620 పిక్సెళ్లు, కుడి అంచు 560 పిక్సెళ్లు ఉన్నాయి. కొత్తదాన్ని అంతే ఎత్తుకు కుదించేస్తే అది చిన్న ప్యాకెట్ అయిపోతుంది. లెక్క ఇలా వేయాలి: 620ని 18తో భాగించి 21తో గుణిస్తే దాదాపు 723. అదే లెక్కన కుడి అంచు 653. కింది రెండు మూలలు పాత డబ్బా మూలల దగ్గరే పెట్టి, నిలువు అంచులను ఈ కొలతల వరకు పైకి పొడిగిస్తే పై మూలలు దొరుకుతాయి. ఆ పై అంచును పొడిగించి చూడండి. అది కూడా అదే వానిషింగ్ పాయింట్‌కు చేరితే లెక్క సరిపోయినట్టే. అన్నట్టు, రెండు అరల మధ్య ఖాళీ ఎంతో కూడా చూసుకోండి. 20 సెం.మీ. ఖాళీలో 21 సెం.మీ. డబ్బా పట్టిన ఫొటో కంపెనీ వాళ్లకు చూపిస్తే నవ్విపోతారు!

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అర ముందు ధర చీటీలు పెట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. అది డబ్బా అడుగును కొంత దాచేస్తుంది. అప్పుడు కనిపిస్తున్న అంచును అడుగనుకుని కొలిస్తే డబ్బా పొట్టిదైపోతుంది. అసలు అడుగు పట్టీ వెనక ఎక్కడుంటుందో అంచనా కట్టి అక్కడికే మూలలు దించాలి. ఆ తర్వాత పట్టీని మాస్క్‌తో మళ్లీ ముందుకు తేవాలి.

కొలతలు తేలాక ముందువైపును కూర్చోబెట్టడం తేలిక. ఫొటోషాప్‌లో అయితే లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, `Ctrl+T` కొట్టి, రైట్ క్లిక్‌లో `Distort` ఎంచుకుని నాలుగు మూలలను నాలుగు గుర్తులకు లాగాలి. ఉచితంగా దొరికే గింప్‌లో `Perspective` టూల్ అదే పని చేస్తుంది. చదునైన ముఖాన్ని ఏ కోణంలో తీసినా ఇలా ఇంకో కోణానికి తిప్పొచ్చు. కానీ ఈ వెసులుబాటు ఒక్క చదునైన ముఖానికే.

అసలు పరీక్ష ఇక్కడే. డబ్బా అరలో కంటి మట్టానికి కింద ఉంది కదా, దాని పైమూత కనిపించాలి. పైగా పక్క డబ్బాలకంటే 3 సెం.మీ. ఎత్తు ఎక్కువ, కెమెరా ఎడమ నుంచి చూస్తోంది. కాబట్టి ఎడమ పక్కగోడ పైభాగం ఒక సన్నని పట్టీలా బయటపడాలి. ఎదురుగా తీసిన ఫొటోలో ఈ రెండూ లేవు. ఎంత లాగినా లేనిది పుట్టదు. పైమూతకూ పక్కగోడకూ వేరే ఫొటోలు అడగాలి, లేదా ప్యాకింగ్ డిజైన్ ఫైలు అడగాలి. ఆ రెండు ముఖాలనూ విడివిడి లేయర్లుగా, ఒక్కొక్కదాన్నీ దాని నాలుగు మూలలతో కూర్చోబెట్టాలి. లోపలికి వెళ్లే గీతలకు వానిషింగ్ పాయింట్ వేరు. అయితే అది కూడా అదే కంటి మట్టం గీత మీద ఉంటుంది. పక్క డబ్బాల పైమూత అంచులను వెనక్కి పొడిగిస్తే దొరుకుతుంది.

గుండ్రటి సీసా అయితే ఈ కిటుకు పనిచేయదు. దానికి చదునైన ముఖమే లేదు. మూత ఎంత గుండ్రంగా కనిపిస్తోందన్నదే కొలమానం. కెమెరా మూతకంటే 30 సెం.మీ. పైన, 150 సెం.మీ. దూరంలో ఉంటే మూత వెడల్పులో దాదాపు అయిదో వంతు ఎత్తున్న కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. అంటే 200 పిక్సెళ్ల మూతకు 40 పిక్సెళ్లు. మీకిచ్చిన సీసా ఫొటోలో అది 80 ఉంటే, దాన్ని నొక్కి 40 చేయకండి. సీసా మొత్తం పొట్టిదైపోతుంది, లేబుల్ వంపు అలాగే తప్పుగా మిగులుతుంది. అదే దూరం, అదే ఎత్తు తేడాతో మళ్లీ ఫొటో తీయడమే దారి. దగ్గరకు పోకుండా జూమ్ చేయాలి. దగ్గర నుంచి తీస్తే ముందుభాగం ఉబ్బి, వెనకభాగం సన్నబడుతుంది.

కోణం కుదిరాక మిగతాది మామూలు పనే. డబ్బా అడుగున అరను తాకే చోట సన్నని చిక్కటి నీడ, పక్క డబ్బాలతో సమానమైన మసక, అంతే గ్రెయిన్. ముందున్న డబ్బాలకంటే మీది మరీ షార్ప్‌గా ఉంటే అదే పట్టిచ్చేస్తుంది. చివర్లో ఫొటోను అద్దంలోలా అడ్డంగా తిప్పి చూడండి. కంటికి అలవాటైపోయిన తప్పు అప్పుడు బయటపడుతుంది.

ఒక్క చోట మాత్రం ఈ పనికి ఒప్పుకోవద్దు. సరుకు అరలో పెట్టామని సేల్స్ సిబ్బంది కంపెనీకి రుజువుగా పంపే ఫొటోల్లో డబ్బా మార్చమని ఎవరైనా అడిగితే, అది ఎడిటింగ్ కాదు, మోసం.

టెస్టు ఫైలు ఇచ్చేటప్పుడు లేయర్లన్నీ కలిపేయకండి. మీరు గీసిన కంటి మట్టం గీతల లేయర్‌ను కనిపించకుండా ఆపి, చెరపకుండా ఫైల్లోనే ఉంచండి. చూసేవాళ్లు దాన్ని ఆన్ చేస్తే మూలలు ఎక్కడి నుంచి వచ్చాయో వాళ్లకే తెలుస్తుంది.