బూస్ట్ నొక్కే ముందు... బుట్టలో ఎంత మిగులుతోంది?

ఐదు వేలు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ పోస్టును బూస్ట్ చేశారు. వారంలో 50 ఆర్డర్లు వచ్చాయి. ఒక్కోటి 630 రూపాయలు. మొత్తం అమ్మకం 31,500. రూపాయి పెడితే ఆరు రూపాయల ముప్ఫై పైసలొచ్చాయి. చీరలో, నగలో అమ్మేవాళ్లయితే పండగ చేసుకోవచ్చు. కానీ మీరు అమ్మేది కందిపప్పు, మినప్పప్పు, ఇడ్లీ రవ్వ అయితే మాత్రం ఆగండి. ఈ అమ్మకంలో చాలామంది నష్టపోయి ఉంటారు. ఎలాగంటారా? ఓ చిన్న కిరాణా బ్రాండ్‌ను ఊహించుకుని లెక్క వేద్దాం. విజయవాడలాంటి ఊళ్లో పప్పులు, రవ్వలు శుభ్రం చేసి, తమ పేరుతో ప్యాక్ చేసి, ఇంటికి పంపే వ్యాపారం అది.

ఆర్డర్‌కు మిగిలేది 66

కస్టమర్ ఇచ్చిన 630లో 30 రూపాయలు మనవి కావు. ప్యాక్ చేసి, లేబుల్ వేసిన పప్పులపై 5 శాతం జీఎస్టీ ఉంది కదా, అది ప్రభుత్వానిది. ఇక చేతిలో ఉన్నవి 600. అందులో సరుకు కొనుబడి, శుభ్రం చేస్తే పోయే తరుగుతో కలిపి 450. కవర్లు, అట్టపెట్టె 18. ఆన్‌లైన్ చెల్లింపు ఛార్జీ 13. డెలివరీ అబ్బాయికి 42. చిరిగిన ప్యాకెట్లు, ఇంటిదాకా వెళ్లాక ‘వద్దండీ’ అన్న ఆర్డర్లు... వీటన్నిటి భారం ఆర్డర్‌కు సగటున 11. మొత్తం ఖర్చు 534. మిగిలింది 66 రూపాయలు.

అద్దె, జీతాలు ఇందులో కలపలేదు. ఆర్డర్ వచ్చినా రాకపోయినా అవి కట్టాల్సిందే. అందుకే వాటిని పక్కన పెట్టి, ఒక్క ఆర్డర్ పెరిగితే చేతికొచ్చేదెంతో చూడాలి. చాలామంది ‘కొన్నది 450, అమ్మింది 600, నూట యాభై మిగులు’ అనుకుని అక్కడే ఆగిపోతారు. డెలివరీ, ప్యాకింగ్‌తో పాటు మిగతా ఖర్చులన్నీ రాసేసరికి అందులో సగానికి పైగా ఎగిరిపోతుంది.

పెట్టింది తిరిగి రావాలంటే

ప్రకటనకు పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం జరిగిందో చెప్పే అంకెనే మార్కెటింగ్ వాళ్లు రోయాస్ అంటారు. లాభం లేకపోయినా నష్టం రాకుండా ఉండాలంటే అది ఎంతుండాలి? లెక్క తేలికే. ఆర్డర్ విలువను మిగులుతో భాగించాలి. 630ని 66తో భాగిస్తే దాదాపు 9.5. అంటే రూపాయి ప్రకటనకు తొమ్మిదిన్నర రూపాయల అమ్మకం జరగాలి. మనకొచ్చింది 6.3 మాత్రమే. 50 ఆర్డర్లపై మిగిలింది 3,300. పెట్టింది 5,000. నష్టం 1,700!

ఇక్కడ 600 కాకుండా 630ని ఎందుకు తీసుకున్నామంటే, చాలా వెబ్‌సైట్లు యాడ్స్ మేనేజర్‌కు పన్నుతో కలిపిన మొత్తాన్నే పంపుతాయి. మీది ఏది పంపుతోందో ఒకసారి చూసుకుని, అదే అంకెతో లెక్క వేయండి.

ప్రకటన బిల్లు మీదా ఓ కన్నేయాలి. 5,000 ప్రకటనకు 18 శాతం జీఎస్టీ చేరితే బిల్లు 5,900 అవుతుంది. మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టేవాళ్లు తమ జీఎస్టీ నంబరును ప్రకటనల ఖాతాలో నమోదు చేస్తే ఆ 900ను పన్నులో సర్దుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లు 5,900నే ఖర్చుగా రాసుకోవాలి. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేసినప్పుడు బిల్లు ఆపిల్ ద్వారా వెళ్తే మరో 30 శాతం సర్వీస్ ఛార్జీ పడుతుంది. అదే పని కంప్యూటర్ బ్రౌజర్‌లో చేస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

కొత్తవాళ్లు ఎంతమంది?

‘మొదటి ఆర్డర్‌లో పోతే పోయింది, మళ్లీ కొంటారుగా’ అంటారు కొందరు. కిరాణాలో ఆ మాట నిజమే. పప్పు అయిపోతే మళ్లీ కొనాల్సిందే. అయితే అదీ లెక్క వేసి చూడాలి.

ముందుగా ఆ 50 ఆర్డర్ల ఫోన్ నంబర్లను పాత ఆర్డర్ల పుస్తకంతో పోల్చాలి. మన ఉదాహరణలో 15 పాతవాళ్లవే అనుకుందాం. వాళ్లు ప్రకటన చూడకపోయినా చాలావరకు కొనేవాళ్లే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం వాళ్లనూ తమ ఖాతాలోనే వేసుకుంటాయి. ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్న ప్రతి ఆర్డర్‌నూ మామూలుగా అవి లెక్కలో చేరుస్తాయి. నిజంగా కొత్తవాళ్లు 35 మంది. 5,000ను 35తో భాగిస్తే ఒక్కో కొత్త కస్టమర్‌కు పడిన ఖర్చు 143 రూపాయలు.

ఇప్పుడు పాత పుస్తకం తీయాలి. కొత్తగా చేరిన వందమంది మూడు నెలల్లో ఎన్ని ఆర్డర్లు ఇచ్చారు? 40 మంది రెండోది, వాళ్లలో 25 మంది మూడోది, 15 మంది నాలుగోది ఇచ్చారనుకుంటే మొత్తం 180. అంటే మనిషికి 1.8 ఆర్డర్లు. 66తో హెచ్చిస్తే 119 రూపాయలు. ఖర్చు 143, మూడు నెలల్లో వచ్చేది 119. ఇంకా 24 రూపాయలు లోటే. పైగా సొమ్ము ఇవాళే పోతుంది, తిరిగొచ్చేది మెల్లగా. ఈలోగా సరుకు తేవడానికి డబ్బు ఆడుతుందా అన్నదీ చూసుకోవాలి.

బూస్ట్ కాదు, బుట్ట మార్చాలి

ఇలాంటప్పుడు ఫొటో మార్చాలా, వీడియో పెట్టాలా అని తలపట్టుకుంటారు. అంతకంటే ముందు బుట్ట సైజు చూడాలి. అరకిలో పప్పు తీసుకెళ్లినా, నాలుగు కిలోలు తీసుకెళ్లినా డెలివరీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. రెండు పప్పులు, రవ్వ, కాస్త ఎక్కువ మార్జిన్ ఉండే కారప్పొడి కలిపి ‘నెల సరుకు’ ప్యాక్ చేస్తే?

పన్ను తీసేశాక ఆర్డర్ 1,000 రూపాయలనుకుందాం. సరుకు 750, ప్యాకింగ్ 24, చెల్లింపు ఛార్జీ 21, డెలివరీ 47, నష్టాలు 18. మిగిలేది 140. కస్టమర్ ఇచ్చే 1,050ని 140తో భాగిస్తే 7.5. తొమ్మిదిన్నర కావాల్సిన చోట ఏడున్నర చాలు. కస్టమర్‌కు 143 పడినా మొదటి ఆర్డర్‌లోనే దాదాపు అంతా తిరిగొచ్చేస్తుంది.

అయితే ఇందులోనూ ఓ మెలిక ఉంది. వెయ్యి రూపాయలనగానే కొందరు వెనక్కి తగ్గుతారు. కొత్తవాళ్లు 35 నుంచి 25కు తగ్గితే ఒక్కొక్కరికి ఖర్చు 200 అవుతుంది. పెద్ద ప్యాకెట్ ఎక్కువ రోజులొస్తుంది కాబట్టి మళ్లీ కొనడమూ ఆలస్యమే. మూడు నెలల్లో 1.8 కాస్తా 1.4కు పడితే వచ్చేది 196. మళ్లీ అంచు మీదే! అందుకే పాత అంకెలను కొత్త ప్యాక్‌కు అంటగట్టకుండా కొత్తగా కొలవాలి.

ఎప్పుడు ఆపాలి?

ప్రకటనను డెలివరీ చేసే ప్రాంతాలకే పరిమితం చేయండి. మీరు పంపలేని ఊళ్లో వంద లైకులొచ్చినా పైసా రాదు. బూస్ట్ చేసేటప్పుడు లక్ష్యం ఏది ఎంచుకుంటే ఆ పని చేసేవాళ్లకే పోస్టు ఎక్కువగా చూపిస్తారు. ప్రొఫైల్ చూడటాన్ని ఎంచుకుంటే చూసేవాళ్లే వస్తారు.

పై ఉదాహరణలో క్లిక్కు నాలుగు రూపాయలనుకుంటే 1,250 మంది నొక్కారు, 50 మంది కొన్నారు. నూటికి నలుగురన్నమాట. ఆ అంచనాతో మొదలుపెట్టిన పోస్టును వందమంది నొక్కినా ఒక్కరూ కొనలేదంటే, అది దురదృష్టం కావడానికి అవకాశం నూటికి రెండు పాళ్లలోపే. 400 రూపాయల దగ్గరే ఆపేసి ధర, డెలివరీ ఛార్జీ, ఆర్డర్ పేజీ చూసుకోవచ్చు. ఆర్డర్లు వస్తుంటే మాత్రం తొందరపడొద్దు. ముగ్గురు నలుగురిని చూసి ఖర్చు లెక్క కట్టకుండా, పాతిక ముప్ఫైమంది కొత్తవాళ్లు వచ్చేదాకా నడిపి అప్పుడు తేల్చాలి.

పప్పుల ధరలు నెలనెలా మారుతుంటాయి. కిలోకు పది రూపాయలు పెరిగి, మీరు రేటు పెంచలేదనుకోండి. నాలుగు కిలోల ఆర్డర్‌లో 66 మిగులు కాస్తా 26 అవుతుంది. అప్పుడు నష్టం రాకుండా ఉండాలంటే రూపాయికి 24 రూపాయల అమ్మకం కావాలి. కాబట్టి కొత్త లోడు దిగిన రోజే ఈ లెక్క మళ్లీ వేయండి. అంకె కుదిరితే బూస్ట్ చేయండి, కుదరకపోతే ఆ నెలకు పాత కస్టమర్లకు వాట్సప్‌లో రేట్ల పట్టిక పంపితే చాలు.