ఒకే బిళ్ళలో మూడు మందులు: బలమా, బరువా?

నాట్లు, కోతల రోజుల్లో ఒళ్ళు నొప్పులకు మందుల షాపుకు వెళ్ళి "ఒక బిళ్ళ ఇవ్వండి" అని అడగడం పల్లెల్లో మామూలే. అలా చేతికొచ్చే బిళ్ళలో చాలాసార్లు రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. మందులు ఎక్కువైతే గుణం ఎక్కువని చాలామంది నమ్మకం. అన్నివేళలా అది నిజం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో 156 రకాల మిశ్రమ మందులను నిషేధించింది. ఎసిక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 125 మిల్లీగ్రాములు కలిపిన బిళ్ళ వాటిలో ఒకటి. పెద్దవారికి ఎసిక్లోఫెనాక్ మోతాదు పూటకు 100, రోజుకు రెండుసార్లు. పారాసిటమాల్ మామూలు మోతాదు పూటకు 500. అంటే ఈ బిళ్ళలో ఒక మందు సగమే, రెండోది పావు వంతే. పారాసిటమాల్ పూర్తిగా అందాలంటే నాలుగు బిళ్ళలు మింగాలి. అప్పుడు రోజంతటికీ సరిపోయే ఎసిక్లోఫెనాక్ 200 మిల్లీగ్రాములు ఒక్కసారే కడుపులో పడుతుంది. ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది, ఒకటి తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. మిశ్రమాలతో వచ్చే చిక్కు ఇదే.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఒకే జాతి మందులు. వీటిలో రెండు కలిపి వాడినా నొప్పి రెండింతలు తగ్గదు. కడుపులో పుండు, రక్తస్రావం, మూత్రపిండాలకు హాని మాత్రం పెరుగుతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగనివారికి మూత్రపిండాల ముప్పు మరీ ఎక్కువ. ఇవి వాడేటప్పుడు విరేచనం తారులా నల్లగా అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

విరేచనాలకు ఇచ్చే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ మిశ్రమం కూడా ఇటువంటిదే. మొదటిది బాక్టీరియాకు, రెండోది అమీబా వంటి క్రిములకు. రోగికి ఈ రెండూ ఒకేసారి ఉండడం అరుదు. నీళ్ళ విరేచనాలు చాలావరకు ఈ మందులతో పని లేకుండానే ఓ.ఆర్.ఎస్. నీళ్ళతో తగ్గుతాయి. అనవసరంగా వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి.

బిళ్ళల షీటు వెనుక లోపలి మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో ఉంటాయి. చదువుకునే పిల్లవాడి చేత చదివించుకోవచ్చు. "నాక్" అని ముగిసే పేర్లు రెండు ఉన్నా, నొప్పి మందులు మూడు ఉన్నా, రెండు రకాల యాంటీబయాటిక్‌లు కనిపించినా డాక్టరును అడగకుండా మింగరాదు. ఇంట్లో వాడుతున్న జ్వరం బిళ్ళలో, జలుబు బిళ్ళలో కూడా పారాసిటమాల్ ఉందేమో చూసుకోవాలి. అన్నీ కలిపి రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతినవచ్చు.

అయితే మిశ్రమాలన్నీ చెడ్డవి కావు. క్షయ రోగులకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే బిళ్ళల్లో మందులు కలిపి ఉండడానికి కారణం ఉంది. ఒక్క మందే వాడితే క్షయ క్రిమి దానికి అలవాటు పడిపోతుంది. ఆ బిళ్ళలను మధ్యలో మానకూడదు.