కబురు అందరికీ, పలకరింపు ఒకరికి

మూడేళ్ల క్రితం మా పెదనాన్న ఏలూరు దగ్గర పల్లెలో రాత్రి పదిన్నరకు కాలం చేశారు. అన్నయ్య పది నిమిషాల్లో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాడు. అంత్యక్రియలు మర్నాడు సాయంత్రం 4 గంటలకని రాశాడు. గ్రూపులో మేం 84 మందిమి ఉన్నాం. హైదరాబాదు, బెంగళూరు, డాలస్, మెల్‌బోర్న్‌లలో ఉన్నవాళ్లందరూ ఆ రాత్రే చూశారు. చూసినవాళ్లు చూసినట్టే "ఓం శాంతి" అనీ, దణ్ణం బొమ్మలనీ పెట్టడం మొదలుపెట్టారు.

తెల్లవారుజామున 4.50కి అన్నయ్య రెండో మెసేజ్ పెట్టాడు. పెద్దలు మాట్లాడుకుని అంత్యక్రియలు మధ్యాహ్నం 12 గంటలకు మార్చారని దాని సారాంశం. అప్పటికే పైన 38 ఓదార్పులున్నాయి. తర్వాత మరో 23 వచ్చి పడ్డాయి. హైదరాబాదులో మా పిన్ని ఆరున్నరకు లేచి ఫోన్ చూస్తే గ్రూపు మీద పెద్ద అంకె కనిపించింది. అన్నీ ఓం శాంతులే అనుకుని తెరవలేదు. ఏడింటికి కారెక్కి, ఒంటిగంట నలభైకి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. సొంత బావగారి చివరి చూపు ఆమెకు దక్కలేదు. ఆ మెసేజ్ చూసి ఉంటే ఐదున్నరకల్లా బయల్దేరేదాన్ననీ, ఒక్క ఫోన్ చేస్తే అరగంట ఆగేవారు కదా అనీ ఆమె ఇప్పటికీ అంటుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదనిపిస్తుంది. ప్రతి ఒక్కరూ ప్రేమతోనే రాశారు. కానీ మన పద్ధతిలో రెండు వేరువేరు పనులను ఆ రాత్రి ఒకే చోట కలిపేశాం. కబురు వేరు, పరామర్శ వేరు. కబురు ఊరందరికీ చేరాలి. అది ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా చేరితే అంత మంచిది. పరామర్శ మాత్రం ఆ ఇంటికి వెళ్లి, దుఃఖంలో ఉన్న మనిషి పక్కన కూర్చుని చేసేది. వీధిలో నిలబడి ఎవరూ పరామర్శించరు. గ్రూపు అంటే వీధి. అక్కడ పలికిన ప్రతి మాటా అందరి ఇళ్లలోనూ వినిపిస్తుంది. గ్రూపు మర్యాద అంతా ఈ తేడాను గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది.

లెక్క వేసి చూద్దాం. 84 మంది ఉన్న గ్రూపులో ఒకరు ఒక మాట రాస్తే మిగిలిన 83 ఫోన్లకు వెళ్తుంది. ఆ రాత్రి వచ్చిన ఓదార్పులు 61. అంటే 5,063 సార్లు ఎవరో ఒకరి ఫోన్ వెలిగే పని. ఆ హోరులో కావలసిన మెసేజ్ ఒక్కటే. అదే ఓదార్పును రియాక్షన్‌గా పెట్టి ఉంటే, అంటే అన్నయ్య మెసేజ్‌ను నొక్కి పట్టుకుని దణ్ణం గుర్తును ఎంచుకుని ఉంటే, దాని సూచన ఒక్క అన్నయ్య ఫోన్‌కే వెళ్తుంది. గ్రూపులో కొత్త వరుస పుట్టదు, రెండో మెసేజ్ కిందికి కొట్టుకుపోదు. ఈ సదుపాయం 2022లో వచ్చింది. మా పెద్దవాళ్లలో చాలామందికి ఆనాటికి అది తెలియదు. తెలిసినవాళ్లం నేర్పలేదు.

అయితే రియాక్షన్ పరామర్శ కాదు. కబురు అందిందనీ, మనసు అక్కడే ఉందనీ చెప్పే చిన్న గుర్తు మాత్రమే. దగ్గరివాళ్లు ఫోన్ చేయాలి. ఆ రోజు చేయడం ఇబ్బందైతే మూడో రోజు చేయాలి. ఫోన్‌లో మాట పెగలనివాళ్లు పెద్దమ్మకే విడిగా నాలుగు వాక్యాలు రాయవచ్చు. పెదనాన్న తమకు చేసిన ఒక మేలు గుర్తుచేస్తూ రాసిన ఆ నాలుగు వాక్యాలను ఆమె మళ్లీ మళ్లీ చదువుకుంటుంది. గ్రూపులోని 61 ఓం శాంతులను ఎవరూ రెండోసారి చదవరు.

ఇక కబురు పెట్టేవాడి వైపు నుంచి చూద్దాం. సమయం మారినప్పుడు చాలామంది పాత మెసేజ్‌నే ఎడిట్ చేస్తారు. పంపిన 15 నిమిషాల వరకూ అది కుదురుతుంది. కానీ ఎడిట్ చేసినప్పుడు ఎవరి ఫోనూ మోగదు. ముందే చదివేసినవాళ్లకు మార్పు జరిగిందనే తెలియదు. అక్షరం తప్పు పడితే ఎడిట్ సరిపోతుంది. సమయమో స్థలమో మారితే కొత్త మెసేజే పెట్టాలి. "మార్పు" అనే మాటతో మొదలుపెట్టి, దాన్ని గ్రూపు పైభాగాన పిన్ చేయాలి. పిన్‌ను 24 గంటలకో, 7 రోజులకో, 30 రోజులకో పెట్టుకోవచ్చు. అడ్మిన్ తలచుకుంటే ఆ ఒక్కరోజు అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును మార్చవచ్చు. ఇవన్నీ చేసినా, దారిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పాల్సిందే. కారు నడిపేవాడు గ్రూపు చూడడు, చూడకూడదు.

ఆఫీసు గ్రూపులో కూడా ఇదే చిక్కు, వేషం మాత్రం వేరు. నా స్నేహితురాలు ఒక మండలంలో ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. వాళ్ల గ్రూపులో 46 మంది ఉంటారు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు పైఅధికారి నుంచి మెసేజ్ వచ్చింది: మధ్యాహ్న భోజనం వివరాలు రేపు ఉదయం పదిలోపు పంపాలి. వరసగా "ఓకే సర్", "నోటెడ్ సర్" మొదలయ్యాయి. మధ్యలో ఒకరు "ఈ నెలవా సర్, పోయిన నెలవా?" అని అడిగారు. పోయిన నెలవే అని అధికారి జవాబిచ్చారు. ఆ ప్రశ్నా ఆ జవాబూ ఓకేల మధ్య కనబడకుండా పోయాయి. మర్నాడు పదకొండు మంది తప్పు నెల వివరాలు పంపారు. అందరూ తిట్లు తిన్నారు, మళ్లీ కూర్చుని రాశారు.

"ఓకే సర్ పెట్టకపోతే చూడలేదనుకుంటారు" అని ఆమె అంది. ఆ భయం నిజమైనదే. నలభై మంది పెట్టి తానొక్కతే ఊరుకుంటే నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. కాబట్టి దీన్ని ఆపాల్సింది కిందివాళ్లు కాదు, పైవాళ్లే. ఎవరు చూశారో తెలుసుకోవడానికి అధికారికి ఓకేలు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తన మెసేజ్‌ను నొక్కి పట్టుకుని, మూడు చుక్కల దగ్గర Info తెరిస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లతో సహా కనిపిస్తుంది. వ్యక్తిగత చాట్లలో నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్లకు కూడా గ్రూపులో ఆ దాపరికం లేదు. అయితే గ్రూపులో టిక్కులు నీలంగా మారేది ప్రతి ఒక్కరూ చదివాకే. నీలం కాలేదని కంగారు పడాల్సిన పని లేదు, లోపల పేర్లు చూసుకుంటే చాలు.

ఆ మెసేజ్ ఇలా ఉంటే సరిపోయేది: "అందరు ప్రధానోపాధ్యాయులకు: పోయిన నెల మధ్యాహ్న భోజనం వివరాలు. రేపు ఉదయం 10 లోపు. ఓకే పెట్టనక్కర్లేదు, సందేహం ఉంటేనే రాయండి." ఎవరికి, ఏమిటి, ఎప్పటికి, జవాబు కావాలా వద్దా అన్న నాలుగూ అందులో ఉన్నాయి. చివరి వాక్యం 45 మందిని ఓకే భారం నుంచి తప్పిస్తుంది, సందేహం అడిగేవాడికి చోటిస్తుంది. ఎంతమంది వస్తారో లెక్క కావాలంటే పోల్ పెట్టాలి. ఒక్కరితోనే పని ఉంటే ఆ ఒక్కరికే రాయాలి. మందలింపు అయితే మరీను. పదిమందిలో అన్న మాటను మనిషి ఏళ్లు గడిచినా మరచిపోడు. రాత్రిపూట గుర్తొచ్చిన పనిని రాసి పెట్టుకుని పొద్దున పంపవచ్చు. పైవాడు రాత్రి పంపితే కిందివాడికి అది రాత్రి పనే అవుతుంది.

మరి మ్యూట్ చేయడం అమర్యాదా? కాదు. గ్రూపు పేరు మీద నొక్కితే Notifications దగ్గర మ్యూట్ కనిపిస్తుంది. 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు గడువులుంటాయి. మనం మ్యూట్ చేసిన సంగతి ఎవరికీ తెలియదు. మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, తీరికగా చూసుకోవచ్చు. పైగా ఎవరైనా @ గుర్తుతో మన పేరు పెట్టినా, మన మెసేజ్‌కే జవాబిచ్చినా ఆ సూచన మనకు వస్తుంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి మన ఉదయం పదకొండంటే అర్ధరాత్రి. అతను మ్యూట్ చేసుకోవడం న్యాయం. మ్యూట్ చేసినవాళ్లు రోజుకొకసారి గ్రూపు తెరిచి చూడాలి, రాసేవాళ్లు కావలసిన మనిషి పేరు పెట్టాలి. ఈ రెండూ పాటిస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇన్ని చోట్ల ఊరుకోమన్నాను కాబట్టి, ఊరుకోకూడని చోటు కూడా చెప్పాలి. ఫలానా కషాయం తాగితే షుగరు మాత్రలు మానేయవచ్చని మా మావయ్య ఒకసారి గ్రూపులో ఫార్వర్డ్ పెట్టాడు. పెద్దాయనను అందరిలో ఏమంటామని మొదట అందరం ఊరుకున్నాం. కానీ ఆ గ్రూపులో షుగరు ఉన్నవాళ్లు చాలామంది. నేను మావయ్యకు ఫోన్ చేసి, "నీ మాట మీద నమ్మకంతో అత్తయ్య మాత్రలు మానేస్తే ఎలా?" అన్నాను. ఆయన అప్పటికప్పుడు తీసేశాడు. పంపిన మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచి తీసేయడానికి సుమారు రెండున్నర రోజుల గడువుంటుంది. కానీ తీసేసినంత మాత్రాన చదివినవాళ్లు మరచిపోరు. అందుకే గ్రూపులో ఒక్క వాక్యం రాశాను: "డాక్టరును అడగకుండా ఎవరూ షుగరు మాత్రలు ఆపవద్దు." మావయ్య పేరు ఎత్తలేదు. ఆయనకు చెప్పాల్సింది ఆయనకే చెప్పాను, అందరికీ తెలియాల్సింది అందరికీ చెప్పాను.

పోయిన ఏడు మా పెద్దమ్మ కూడా వెళ్లిపోయింది. ఈసారి అన్నయ్య మెసేజ్ చివర ఒక వాక్యం చేర్చాడు: "ఇక్కడ వివరాలు మాత్రమే పెడతాను, మాట్లాడాలనుకుంటే నాకు ఫోన్ చేయండి." గ్రూపులో ఆ రోజంతా మూడే మెసేజ్‌లు. వాటి కింద దణ్ణం గుర్తులు నిండిపోయాయి. పిన్నికి మాత్రం అన్నయ్య గ్రూపులో పెట్టకముందే ఫోన్ చేశాడు. ఆమె తెల్లవారకముందే ఊరు చేరి, అక్క తల దగ్గర కూర్చుంది.