ధర నుంచి వెనక్కి నడిస్తే

ఒక షేరు ధర 100 రూపాయలు. సరిగ్గా మూడు నెలలకు గడువు ముగిసే, 100 స్ట్రైక్ ధర గల కాల్ ఆప్షన్ మార్కెట్లో 5 రూపాయలకు అమ్ముడవుతోందనుకుందాం. వడ్డీ, డివిడెండ్ లేవనుకుందాం.

1973 నాటి బ్లాక్-షోల్స్ సూత్రానికి కావలసిన వాటిలో ఒక్క వొలటిలిటీయే కంటికి కనబడదు. దాన్ని విడిగా రాబట్టే బీజగణిత సూత్రం లేదు, ఊహించి సరిచూడాలి. ఏడాదికి 20 శాతం అనుకుంటే ధర 3.99 వస్తుంది, తక్కువ. 30 శాతానికి 5.98, ఎక్కువ. 25కి 4.98. అంటే జవాబు 25కి కాస్త పైన. వొలటిలిటీ పెరిగితే ఆప్షన్ ధర పెరుగుతుంది గనుక జవాబు ఒక్కటే ఉంటుంది. ఇదే ఇంప్లైడ్ వొలటిలిటీ.

ఇక అదే షేరుపై, అదే గడువుకు, 80 స్ట్రైక్ పుట్ చూద్దాం. 25 శాతంతో దాని విలువ 17 పైసలే. మార్కెట్ మాత్రం 75 పైసలు అడుగుతోందనుకోండి. అప్పుడు వొలటిలిటీ 35 శాతం అవుతుంది. షేరు ఒక్కటే, గడువు ఒక్కటే, వొలటిలిటీలు రెండు! స్థిరమైన వొలటిలిటీ అన్న ఊహ ఇక్కడే కూలిపోతుంది. స్ట్రైక్‌ల వారీగా గీస్తే సరళరేఖకు బదులు వంపు వస్తుంది. దాన్నే స్మైల్ అంటారు. షేర్ల సూచీల్లో అది ఎడమవైపే ఎత్తుగా, ఏటవాలుగా ఉంటుంది.

అమెరికాలో 1987 అక్టోబరు 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజే 22.6 శాతం పడింది. అంతవరకూ దాదాపు చదునుగా ఉన్న ఆ గీత ఆ తర్వాతే నిలకడగా వాలింది. పతనానికి బీమాగా కొనే పుట్‌లకు గిరాకీ, ధరలు హఠాత్తుగా దూకుతాయన్న భయం, రెండూ ఆ ధరలో ఉన్నాయి.

ఒక జాగ్రత్త: 80 స్ట్రైక్ పుట్ ధర పది పైసలు మారితే వొలటిలిటీ దాదాపు 1.3 శాతం పాయింట్లు కదులుతుంది. అందుకే లావాదేవీలు తక్కువగా ఉన్న స్ట్రైక్‌ల పాత ధరలతో గీసిన స్మైల్‌ను నమ్మకూడదు.