స్టీరింగ్ విసిరేసే ఆట

ఇరుకు రోడ్డు మీద రెండు కార్లు ఎదురెదురుగా దూసుకొస్తున్నాయి. ముందు పక్కకు తిప్పినవాడు పిరికివాడు. ఎవరూ తిప్పకపోతే ఇద్దరూ పోతారు. గెలవాలంటే అవతలివాడు చూస్తుండగా స్టీరింగ్ ఊడబీకి బయటికి విసిరేయడమే ఎత్తుగడ అని అమెరికా వ్యూహకర్త హెర్మన్ కాన్ వివరించాడు. ఇక తప్పుకోవాల్సింది అవతలివాడే. కానీ అతను చూడకపోతే? అదే క్షణంలో తనూ విసిరేస్తే?

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. వాటిపై బాంబులు వేయాలని కొందరు సలహాదారులు పట్టుబట్టినా, కెనెడీ నౌకలతో అడ్డుకట్ట వేయించాడు. నా దృష్టిలో అసలైన తెలివి అదే. పట్టుదల కళ్లకు కనిపించింది, క్రుశ్చేవ్‌కు ఆలోచించుకునే వ్యవధీ దొరికింది.

అయినా అక్టోబరు 27న గండం ముంచుకొచ్చింది. సోవియట్ జలాంతర్గామి బి-59ను పైకి రప్పించడానికి అమెరికా నౌకలు హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు వదిలాయి. లోపల ఉక్కపోత, మాస్కోతో సంబంధం లేదు, చేతిలో అణు టార్పెడో. హెచ్చరిక వాళ్లకు దాడిలా వినిపించింది. అదృష్టవశాత్తు టార్పెడో పేలలేదు.

చివరికి క్రుశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకున్నాడు. టర్కీలోని తమ క్షిపణులు తొలగిస్తామని కెనెడీ రహస్యంగా మాటిచ్చాడు. ఇద్దరూ కాస్త కాస్త తిప్పారన్నమాట, పరువు పోకుండా. అపార్థాలు మళ్లీ రాకుండా 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సందేశాలు పంపుకునే హాట్‌లైన్ ఏర్పాటైంది.