రద్దు చేయబోతే ఖాతా ఖాళీ

రైలు టికెట్ రద్దు చేసుకుందామని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే, కొన్నిసార్లు మోసగాళ్ల సెల్ నంబరే ముందు కనబడుతుంది. డబ్బు కట్టి ప్రకటన వేయించినా, మ్యాప్‌లో దొంగ చిరునామా పెట్టినా అది పైకి వచ్చేస్తుంది. పైన ఉన్నంత మాత్రాన అసలుదని కాదు.

ఫోన్ చేస్తే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. "రీఫండ్ ఇప్పుడే వేస్తానండీ, ఈ యాప్ దించుకోండి" అంటాడు. అది మన ఫోన్ తెర అతనికి చూపించే యాప్. ఆ తర్వాత మనం కొట్టే పిన్, వచ్చే ఓటీపీ అన్నీ అతని కళ్లముందే. గుర్తుంచుకోండి, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే.

నిజానికి ఐఆర్‌సీటీసీ ఈ-టికెట్ రద్దుకు ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. అదే యాప్‌లో లాగిన్ అయి, బుక్ చేసిన టికెట్ల జాబితాలో రద్దు నొక్కితే చాలు. కోత పోను మిగిలింది, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది. సందేహముంటే రైల్వే నంబరు 139. మిగతా కంపెనీలకైతే వాటి యాప్‌లోని సహాయ విభాగంలోనే నంబరు చూడండి.

ఇప్పటికే డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు చేతులు మారేలోపు చెబితేనే ఆపగలిగే అవకాశం ఎక్కువ.